చివరి నొక్కు ఎవరిదైతే కమీషన్ వారిదే

మా వదినకు కాకినాడలో ఇంటి మేడ మీద తోట ఉంది. వంగ, బెండ, పొట్ల, నాలుగైదు రకాల ఆకుకూరలు పండిస్తుంది. వాటి గురించి యూట్యూబ్‌లో చిన్న ఛానెల్ కూడా నడుపుతోంది. చూసేవాళ్లు తొమ్మిది వందల మంది. మొక్కలు పెంచే గ్రో బ్యాగుల మీద ఒక వీడియో చేసి, కింద అమెజాన్ అఫిలియేట్ లింకు పెట్టింది. వారం తరువాత నాకు ఫోన్ చేసింది.

"ఏమయ్యా, నేను సంచులు చెబితే ఇందులో పిల్లల డైపర్లు, ఇనప పెనం అమ్ముడైనట్టు చూపిస్తోందేమిటి? నేనెప్పుడు డైపర్లు అమ్మాను?"

ఆమె చూస్తున్నది అమెజాన్ వారిచ్చే రోజువారీ రిపోర్టు. నలభై క్లిక్కులు. గ్రో బ్యాగుల సెట్లు నాలుగు, డైపర్ల ప్యాకెట్టు ఒకటి, పెనం ఒకటి. ఎవరు కొన్నారో మాత్రం పేర్లుండవు. డైపర్లు అక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే ఈ కమీషన్ వ్యాపారం సగం తెలిసినట్టే.

ముందు లింకు సంగతి. మామూలు వస్తువు లింకుకూ అఫిలియేట్ లింకుకూ తేడా చివరి ముక్కలోనే ఉంటుంది:

```
https://www.amazon.in/dp/B0XXXXXXXX?tag=maathota-21
```

`dp` తరువాత ఉన్న పది అక్షరాలు వస్తువు గుర్తు. ప్రశ్నార్థకం తరువాత `tag=` అని ఉన్నదే సిఫార్సు చేసిన మనిషి గుర్తు. భారత్ సైట్‌లో ఈ గుర్తులు `-21`తో ముగుస్తాయి, అమెరికా సైట్‌లో `-20`తో. రెండూ వేర్వేరు ఖాతాలు. అందుకే డల్లాస్‌లో ఉన్న మన తెలుగమ్మాయి మా వదిన వీడియో చూసి, అక్కడి అమెజాన్‌లో అదే రకం సంచులు కొంటే వదినకు పైసా రాదు. ఒకే ఖాతా కింద ఇలాంటి గుర్తులు చాలానే పెట్టుకోవచ్చు. సంచుల వీడియోకు ఒకటి, డ్రిప్ పైపుల వీడియోకు ఇంకొకటి పెట్టుకుంటే ఏ వీడియో పని చేసిందో విడివిడిగా తెలుస్తుంది.

లింకు నొక్కగానే ఆ గుర్తు చూసేవారి బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీలా దాక్కుంటుంది. దాన్నే కుకీ అంటారు. "ఈ మనిషిని మాథోట పంపింది, ఫలానా టైముకు వచ్చింది" అన్నంతే దాని భావం. ఆ చీటీకి గడువుంటుంది. అమెజాన్‌లో అది 24 గంటలు. ఆ లోపు ఆ మనిషి సంచులే కొనాలని లేదు, అర్హత ఉన్న వస్తువు ఏది కొన్నా కమీషన్ చీటీ మీదున్న పేరుకే జమ. సంచులు చూద్దామని వచ్చిన ఎవరో పిల్లతల్లి ఇంట్లో డైపర్లు అయిపోయిన సంగతి గుర్తొచ్చి కొన్నది. అదే రిపోర్టులో కనపడింది.

గడువు మధ్యలోనే చీటీ చెల్లకుండా పోయే సందర్భాలు రెండున్నాయి. ఆ మనిషి ఒక ఆర్డరు పెట్టేస్తే అక్కడితో సరి, మళ్లీ కొనాలంటే మళ్లీ లింకు నొక్కాలి. ఇంకొకరి అఫిలియేట్ లింకు నొక్కినా పాత పేరు పోయి కొత్త పేరు చేరుతుంది. ఒక్క వెసులుబాటు ఉంది. 24 గంటల్లో వస్తువును కార్టులో వేసి ఉంచితే, డబ్బు కట్టడం సుమారు మూడు నెలల లోపు ఎప్పుడైనా కావచ్చు. ఇతర కంపెనీల్లో 30 రోజులు, 60 రోజులు, 90 రోజుల గడువులూ ఉంటాయి. ఆలోచించి కొనే ఆన్‌లైన్ కోర్సులు, వెబ్ హోస్టింగ్ లాంటి వాటికి పొడుగు గడువు ఇవ్వడం మామూలే.

స్థలాల బేరంలో మనకిది కొత్త కాదు. ప్లాటు తిప్పి చూపించింది ఒకడు, అడ్వాన్సు ఇప్పించింది ఇంకొకడు. కమీషన్ ఎవరిదని పెద్దమనుషుల ముందు గొడవ. అక్కడైతే సగం సగం అని సర్దుబాటు చేస్తారు. ఇక్కడ ఎక్కువ ప్రోగ్రాముల్లో సర్దుబాటు లేదు, చివరి నొక్కు ఎవరిదైతే వారిదే మొత్తం. మా వదిన పదిహేను నిమిషాలు సంచిని తిరగేసి, కుట్లు చూపించి, నీళ్లు పోసి ఒప్పించవచ్చు. కొనేవాడు ఆఖరి నిమిషంలో కూపన్ కోసం ఇంకో సైట్‌కు వెళ్లి అక్కడి లింకు నొక్కితే శ్రమ ఈమెది, సొమ్ము వాడిది.

ఈ చీటీలను దొంగతనంగా అతికించిన వాళ్లూ ఉన్నారు. జనం లింకు నొక్కకపోయినా వెనకాల తెలియకుండా తమ కుకీని వాళ్ల బ్రౌజర్లలోకి తోసి, ఈబే నుంచి లక్షల డాలర్ల కమీషన్లు రాబట్టిన కేసులో ఇద్దరు అఫిలియేట్లకు 2014లో అమెరికా కోర్టు జైలు శిక్ష వేసింది.

మోసం లేకుండానే పోయే కమీషన్ ఇంకొకటుంది. ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్ లోపల లింకు నొక్కితే చాలాసార్లు ఆ యాప్ సొంత బ్రౌజర్‌లోనే పేజీ తెరుచుకుంటుంది. చీటీ అక్కడే ఉండిపోతుంది. మనిషేమో "సాయంత్రం కొందాంలే" అని దాన్ని మూసేసి, రాత్రి నేరుగా షాపింగ్ యాప్ తెరిచి కొంటాడు. ఆ యాప్‌కు ఈ చీటీ సంగతే తెలియదు. క్లిక్కులు బాగా ఉండి ఆర్డర్లు లేకపోతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. వస్తువు స్టాకు అయిపోయిందా అన్నది రెండోది. మా వదినకైతే ఒకసారి రెండూ ఒకేసారి జరిగాయి.

ఇక డబ్బు లెక్క. సంచుల సెట్టు ధర 590 రూపాయలు, అందులో 18 శాతం పన్ను కలిసి ఉందనుకుందాం. కమీషన్‌ను పన్ను తీసేసిన ధర మీద కడతారు, అంటే 500 మీద. శాతం వస్తువు రకాన్ని బట్టి మారుతుంది, కంపెనీ తనకు తోచినప్పుడు మారుస్తుంది కూడా. ఇక్కడ 5 శాతం అనుకుంటే సెట్టుకు 25 రూపాయలు. నాలుగు సెట్లకు వంద. వాటిలో ఒకటి వాపసు వెళ్లింది, దాని 25 వెనక్కి పోయింది. మిగిలింది 75. ఇది కూడా వెంటనే చేతికి రాదు. వాపసుల లెక్క తేలాలి కాబట్టి అమెజాన్ నెల ముగిశాక రెండు నెలలకు చెల్లిస్తుంది. అదీ కనీస మొత్తం పోగైతేనే. కొత్తగా చేరినవాళ్లకు 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా రాకపోతే ఖాతా మూసేస్తారు. ఆ మూడూ మనమే కొనేసుకుందామంటే కుదరదు, సొంత కొనుగోళ్లు లెక్కలోకి రావు.

75 రూపాయలు చూసి నేను నవ్వాను. వదిన నవ్వలేదు. "నాలుగు వేలు పెట్టి డ్రిప్ కిట్టు కొనమని చెబితే ఎక్కువొస్తుంది కదా, నాకూ తెలుసు. కానీ మూడు కుండీలున్న మనిషికి డ్రిప్పెందుకు?" అంది.

తొమ్మిది వందల మందిలో ప్రతి వీడియో కింద కామెంటు పెట్టేవాళ్లు ఓ యాభై మంది. వాళ్ల ఊళ్లు, కొందరి మేడ కొలతలు కూడా వదినకు తెలుసు. ఒక సంచి చిరిగితే ఆ మాట అదే వీడియో కింద అందరి ముందూ పడుతుంది. లక్షల మంది చూసే ఛానెల్‌కు ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, ఇక్కడ అది కుదరదు. అందుకని ఆమె చెప్పే తీరు వేరు. ఆకుకూరలకు తొమ్మిది అంగుళాల లోతు చాలు, పెద్ద సంచులు దండగ అంటుంది. టమాటాకు పాత పెయింటు బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టుకోమంటుంది. వర్మీ కంపోస్టు ఆన్‌లైన్‌లో వద్దు, బరువుకు డెలివరీ ఖర్చు ఎక్కువ, దగ్గర్లోని నర్సరీలో తెచ్చుకోమంటుంది. ఈ మూడు మాటల్లో ఒక్కదానికీ కమీషన్ లేదు. మొదట్లో తను కొన్న చవక సంచులు ఒక్క వేసవి ఎండకే పెళుసెక్కి, జరపబోతే పిడి ఊడి చేతికొచ్చిన సంగతి కూడా చూపించింది. ఆ చిరిగిన సంచి దృశ్యం వల్లే మంచి సంచులు నాలుగు సెట్లు అమ్ముడయ్యాయని నా అనుమానం.

నిజాయితీలో మనసొక్కటే కాదు, పని కూడా ఉంది. ధర అంకె వీడియోలో చెప్పకూడదు, అది రేపటికి మారిపోతుంది. ఆన్‌లైన్‌లో పేజీ అదే ఉండి వెనక అమ్మేవాడు మారిపోవడం, సరుకు పల్చబడటం మామూలే. కాబట్టి పాత లింకులను నెలకోసారైనా తెరిచి, కొత్త కస్టమర్ల రివ్యూలు చదవాలి. వాపసులు హఠాత్తుగా పెరిగితే అక్కడేదో మారిందని గుర్తు. అప్పుడు లింకు తీసేసి, ఎందుకు తీశారో వీడియో కింద ఒక వాక్యం రాయాలి.

కమీషన్ వస్తుందని చెప్పడం మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సిఫార్సు వెనక డబ్బు, ఉచిత వస్తువు లాంటి సంబంధం ఉంటే అది సులువుగా కంటపడేలా, సరళమైన భాషలో వెల్లడించాలి. వీడియో అయితే రాతలోనే కాక మాటలోనూ చెప్పాలి. తప్పుదోవ పట్టించే సిఫార్సుకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. పది హ్యాష్‌ట్యాగుల మధ్య ఇంగ్లిషులో ఒక ముక్క ఇరికించి వదిలేయడం నా దృష్టిలో చెప్పినట్టు కాదు. మా వదిన వీడియో మొదట్లోనే ఇలా అంటుంది: "కింద లింకు నొక్కి కొంటే నాకు కాస్త కమీషన్ వస్తుంది, మీకు ధర మారదు. ఈ సంచులు నేను డబ్బు పెట్టి కొన్నవే, ఇది రెండో ఏడు."

చూసేవాళ్లకు ఒక మాట. ఎవరి మాట నమ్మి కొంటున్నారో వారి లింకు నొక్కాకే వస్తువును కార్టులో వేయండి. ముందే కార్టులో ఉన్నదానికి తరువాత ఎన్నిసార్లు లింకు నొక్కినా వాళ్లకేమీ రాదు.