ఏడు కాకపోయినా తటస్థమే

పీహెచ్ ఏడుంటే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. బడిలో అందరం నేర్చుకున్న పాఠమే ఇది. కానీ పూర్తిగా స్వచ్ఛమైన నీటిని గాలి సోకనివ్వకుండా 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే దాని పీహెచ్ 6.1 దగ్గరికి దిగుతుంది. అందులో ఒక్క చుక్క ఆమ్లం కూడా కలవలేదు. మరి ఆ నీరు ఆమ్లంగా మారిందా? లేదు, అప్పుడూ అది తటస్థంగానే ఉంది. పాఠంలో మనకు చెప్పకుండా వదిలేసిన షరతు ఒకటుంది: ఆ ఏడు 25 డిగ్రీల దగ్గరి లెక్క.

స్వచ్ఛమైన నీటిలోనూ అణువులన్నీ చెక్కుచెదరకుండా ఉండవు. అప్పుడప్పుడూ ఒక అణువు తన హైడ్రోజన్ అయాన్‌ను పక్క అణువుకు ఇచ్చేసి, తాను హైడ్రాక్సైడ్ అయాన్‌గా మిగులుతుంది. వెంటనే ఎక్కడో మరో జంట తిరిగి కలిసి నీరవుతుంది. 25 డిగ్రీల దగ్గర సుమారు 55 కోట్ల అణువులకు ఒకటి చొప్పున ఇలా విడిపోయి ఉంటుంది. లీటరు లెక్కన చూస్తే హైడ్రోజన్ అయాన్లు ఒక మోల్‌లో కోటో వంతు. కోటికి ఏడు సున్నాలు. పీహెచ్ 7లోని ఏడు అదే.

హైడ్రోజన్ అయాన్ ఒకటి పుట్టిన ప్రతిసారీ హైడ్రాక్సైడ్ అయాన్ కూడా ఒకటి పుడుతుంది. ఈ రెండూ సమానంగా ఉండటమే తటస్థత. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ రూపొందించిన పీహెచ్ కొలమానం మాత్రం హైడ్రోజన్ అయాన్లనే లెక్కిస్తుంది, రెండో పక్క ఎన్ని ఉన్నాయో చెప్పదు. తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఆమ్లాన్నీ క్షారాన్నీ కలిపితే గిన్నె వేడెక్కుతుంది. ఈ రెండు అయాన్లు కలిసి నీరయ్యేటప్పుడు మోల్‌కు దాదాపు 56 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. అంటే నీరు అయాన్లుగా విడిపోవాలంటే అంత వేడినీ తీసుకోవాలి. బయటి నుంచి వేడి అందిస్తే విడిపోయే అణువులు పెరుగుతాయి. 100 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ అయాన్లు 25 డిగ్రీలప్పటికన్నా ఏడు రెట్లకు పైగా ఉంటాయి. పది రెట్లు పెరిగితే పీహెచ్ ఒక అంకె తగ్గుతుంది కాబట్టి, ఇక్కడ 0.87 తగ్గి 6.13 అవుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్లూ సరిగ్గా అంతే పెరిగాయి. అందుకే తటస్థత చెడలేదు. చల్లబరిస్తే దీనికి తిరగబడుతుంది: సున్నా డిగ్రీల దగ్గర తటస్థ పీహెచ్ 7.47. ఏసీ లేని మన ల్యాబ్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే అది 6.77.

ఈ తేడా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో చాలా ముఖ్యం. గొట్టాలు తుప్పు పట్టకుండా బాయిలర్ నీటిని కాస్త క్షారంగా ఉంచుతారు. లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు కాస్టిక్ సోడా ఉన్న నీటినే తీసుకుందాం. 25 డిగ్రీల దగ్గర దాని పీహెచ్ 11. అదే నీరు 50 డిగ్రీలకు వస్తే 10.26. సోడా ఏమీ తగ్గలేదు, నీరే ఎక్కువగా విడిపోయింది. అదే గాఢతలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకుంటే పీహెచ్ రెండు చోట్లా 3 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అక్కడి హైడ్రోజన్ అయాన్లు దాదాపు అన్నీ ఆమ్లం ఇచ్చినవే. వేడి నమూనాలో 10.26 చూసి క్షారం తగ్గిందనుకుని మరికొంత పోస్తే, చల్లారాక లెక్క దాటిపోతుంది. అందుకే అక్కడ నమూనాను ముందు కూలర్ గుండా పంపి, 25 డిగ్రీల దగ్గరికి తెచ్చి కొలుస్తారు.

‘మా మీటర్ ఉష్ణోగ్రతను దానంతటదే సరిచేస్తుంది’ అని చాలామంది ధీమాగా ఉంటారు. అది సరిచేసేది ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే. పీహెచ్ ఒక అంకె మారితే ఎలక్ట్రోడ్‌లో వచ్చే వోల్టేజీ తేడా 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు, 100 డిగ్రీల దగ్గర 74. మీటర్ ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. నీటిలో నిజంగా వచ్చిన మార్పును 25 డిగ్రీలకు మార్చి చూపదు.

అలాగని ఏడుకన్నా తక్కువ వచ్చిన ప్రతి అంకెనూ వేడి ఖాతాలో వేయకూడదు. మూత తీసి ఉంచిన డిస్టిల్డ్ వాటర్ 25 డిగ్రీల దగ్గరే 5.6 చూపిస్తే అది నిజమైన ఆమ్లత్వమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బోనిక్ ఆమ్లం ఏర్పడింది. రెంటినీ వేరుచేసి చూడాలంటే పీహెచ్ పక్కన ఉష్ణోగ్రత కూడా రాసి ఉండాలి. 60 డిగ్రీల నీటిలో 6.51 తటస్థం. 25 డిగ్రీల నీటిలో అదే 6.51 ఆమ్లం.