ఒక్క ముక్క లెక్కిస్తే పువ్వంతా తెలుస్తుంది

ఢిల్లీలోని లోటస్ టెంపుల్‌ను పైనుంచి తీసిన ఫొటోలో తెల్లటి పాలరాతి రేకులు మూడు వరుసల్లో కనిపిస్తాయి. వాటిని చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే, సగం దాటేసరికి ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుండదు. రేకులన్నీ ఒకేలా ఉండటమే ఆ చిక్కుకు కారణం. కానీ లెక్కను తేలిక చేసేదీ ఆ పోలికే.

వాస్తుశిల్పి ఫరీబర్జ్ సహ్బా గీసిన ఈ బహాయీ ప్రార్థనా మందిరం 1986లో ప్రారంభమైంది. బహాయీ మందిరాలకు తొమ్మిది వైపులుండటం ఆనవాయితీ. దీనికీ తొమ్మిది వైపులు, తొమ్మిది ద్వారాలు, చుట్టూ తొమ్మిది కొలనులు ఉన్నాయి. అంటే ఈ కట్టడం నమూనాను మధ్య బిందువు చుట్టూ 40 డిగ్రీలు తిప్పితే మళ్లీ అదే ఆకారం వస్తుంది. ఆ 40 డిగ్రీల ముక్క ఒక్కటి చూస్తే చాలు. అందులోకి వరుసకు ఒక రేకు చొప్పున మూడు రేకులు వస్తాయి. మూడు తొమ్ముల 27. మందిరానికి ఉన్న రేకులు సరిగ్గా అన్నే.

మరి పువ్వును నిలువుగా సగం చేసి, ఒక సగం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే సరిపోదా? చాలామందికి ముందుగా తట్టేది అదే. తొమ్మిది రేకుల వరుసను సరిసమానంగా కోసే గీత ఎక్కడ గీసినా, ఒక పక్కన ఓ రేకును నడిమికి చీల్చుకుంటూ వెళ్తుంది. ఎదుటి పక్కన రెండు రేకుల సందులోంచి బయటపడుతుంది. కాబట్టి ప్రతి సగానికీ నాలుగున్నర రేకులు వస్తాయి. ఆ అర రేకును పూర్తి రేకుగా లెక్కిస్తే వరుసకు 10, మూడు వరుసలకు 30 అవుతుంది. దాన్ని వదిలేస్తే 24తో ఆగిపోతుంది. అసలు సంఖ్య ఈ రెండింటికీ నడుమ ఉంది. తప్పంతా గీత మీద పడిన రేకుదే.

టైల్స్‌తో పరిచిన పూల డిజైన్లలోనూ ఈ గీతే గండం. ఎనిమిది సమాన ముక్కలున్న ఒక నేల నమూనాను అనుకుందాం. ఒక ముక్క లోపల 11 టైల్స్ ఉన్నాయి. దాని రెండు అంచు గీతల మీదా మూడేసి టైల్స్ పడ్డాయి. నట్టనడుమ ఒక గుండ్రటి టైల్ ఉంది. కనిపించినవన్నీ కలిపితే 11, 6, 1 మొత్తం 18. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 144 వస్తుంది. కానీ అంచు మీది టైల్ పక్క ముక్కకూ చెందుతుంది కాబట్టి అది రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. మధ్య టైల్ అయితే ఏకంగా ఎనిమిదిసార్లు వచ్చింది.

దీనికి మందు సులువైనది. ఎడమ అంచు మీదివి కలుపుకోవాలి, కుడి అంచు మీదివి వదిలేయాలి. అప్పుడు ముక్కకు 14, ఎనిమిది ముక్కలకు 112. మధ్యలోది చివర్లో ఒక్కసారి కలిపితే 113. ముందు వచ్చిన లెక్కలో 31 టైల్స్ ఎక్కువ పడ్డాయన్నమాట.

ఎన్ని ముక్కలు చేయాలో తేల్చడం అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని. లోపలి వరుసలో ఎనిమిది, బయటి వరుసలో పన్నెండు రేకులుంటే, లోపలి వరుసను మాత్రమే చూసి ఎనిమిది ముక్కలు చేయకూడదు. అప్పుడు బయటి వరుస నుంచి ముక్కకు ఒకటిన్నర రేకు వస్తుంది. రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించే పెద్ద సంఖ్య నాలుగు. కాబట్టి నాలుగు ముక్కలు చేయాలి. ఒక్కో దాంట్లో లోపలివి రెండు, బయటివి మూడు, మొత్తం ఐదు. ఐదు నాలుగుల 20.

ఫొటో పక్కనుంచి తీసినదైతే వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. దూరంగా ఉన్న రేకులు చిన్నవిగా, ఒత్తుగా కనిపిస్తాయి. అలాంటి ఫొటో మీద కోణమానిని పెట్టి ముక్కలు కోస్తే లెక్క తప్పుతుంది. బదులుగా మళ్లీ మళ్లీ వచ్చే ఒక గుర్తును, అంటే ఒక పెద్ద రేకు కొననో ఒక రంగు టైల్‌నో పట్టుకుని, దాని నుంచి మళ్లీ అలాంటిదే వచ్చేవరకు ఒక ముక్కగా తీసుకోవాలి. తర్వాత ఎదుటి వైపున్న మరో ముక్కనూ లెక్కపెట్టి చూడాలి. రెండూ కలవకపోతే ఎక్కడో టైల్ ఊడిపోయి ఉండాలి, లేదా ముక్కల సంఖ్యే తప్పయి ఉండాలి.

ఈ పద్ధతి పొద్దుతిరుగుడు పువ్వు నడిమి గింజల దగ్గర మాత్రం పనిచేయదు. అక్కడ ఒక్కో కొత్త గింజా ముందు దానికి సుమారు 137.5 డిగ్రీల దూరంలో పుడుతుంది. ఆ కోణంతో ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికి సరిగ్గా చేరరు. అందుకే గింజలు వలయాలుగా కాక సుడులుగా అమరతాయి. అలాంటి ఫొటోలో ఏ ముక్క కోసినా అది పక్క ముక్కకు నకలు కాదు, గుణించి వచ్చిన సంఖ్య అంచనా మాత్రమే.