ఏయూసీ 0.99 అంటే వందకు 99 సరైనవని కాదు

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి కంటి వెనక రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. దీన్ని డయాబెటిక్ రెటినోపతి అంటారు. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తేడా తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అందుకే రెటీనా ఫొటో తీసి జబ్బును ముందే పసిగట్టాలి. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరి ఫొటోనూ చూసేందుకు తగినంత మంది కంటి డాక్టర్లు లేరు కాబట్టి, ఆ పనిని కంప్యూటర్ మోడల్‌కు నేర్పుతున్నారు.

2016 డిసెంబరులో గూగుల్ పరిశోధకులు ఇలాంటి ఒక మోడల్ ఫలితాలను ‘జామా’ వైద్య పత్రికలో ప్రచురించారు. దానికి శిక్షణ ఇచ్చిన ఫొటోల్లో అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ వంటి మన దేశపు కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. సుమారు 10 వేల కొత్త ఫొటోలతో పరీక్షించినప్పుడు ఏయూసీ 0.991 వచ్చింది. ఈ అంకె చూడగానే ‘వందకు 99 సార్లు సరిగ్గా చెబుతుందన్నమాట’ అనిపిస్తుంది. కానీ ఆ అంకె చెప్పేది అది కాదు.

మోడల్ ఫొటో చూసి నేరుగా ‘జబ్బు ఉంది’, ‘లేదు’ అనదు. ఒక స్కోరు ఇస్తుంది. ఎంత స్కోరు దాటితే డాక్టరు దగ్గరికి పంపాలో మనుషులే నిర్ణయించాలి. ఆ హద్దే కటాఫ్.

ఒక చిన్న లెక్క వేద్దాం. తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లలో జబ్బున్న నలుగురికి 92, 81, 64, 35 స్కోర్లు వచ్చాయి. జబ్బు లేని ఐదుగురికి 70, 48, 30, 15, 8 వచ్చాయి. కటాఫ్ 80 దగ్గర పెడితే నలుగురు రోగుల్లో ఇద్దరే దొరుకుతారు. ఆరోగ్యవంతుల్లో ఎవరినీ అనవసరంగా పంపం. 60కి దించితే ముగ్గురు రోగులు దొరుకుతారు, కానీ 70 వచ్చిన ఆరోగ్యవంతుడూ వాళ్లతోపాటు వెళ్తాడు. 33కి దించితే రోగులు నలుగురూ దొరుకుతారు. అప్పుడు ఆరోగ్యవంతుల్లో ఇద్దరికి ఉత్త కంగారు తప్పదు.

ఇలా కటాఫ్‌ను పైనుంచి కిందికి జరుపుతూ ప్రతిసారీ ఒక చుక్క పెడతారు. రోగుల్లో ఎంత శాతం దొరికారో ఆ చుక్క ఎత్తు చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో ఎంత శాతం పొరపాటున పట్టుబడ్డారో అది కుడివైపు ఎంత దూరం జరిగిందో చెబుతుంది. చుక్కలన్నీ కలిపితే వచ్చే గీతే ఆర్‌ఓసీ. గీత ఎడమవైపు పైమూలకు ఎంత దగ్గరగా వెళితే మోడల్ అంత మంచిది. కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఐమూలగా పోతే అది బొమ్మాబొరుసు వేసి చెప్పినట్టే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెరపై కనిపించే సంకేతం విమానానిదా, ఉత్త చప్పుడా అని తేల్చే సమస్య నుంచి పుట్టిన పద్ధతి ఇది. వైద్యంలోకి తర్వాత వచ్చింది.

ఆ గీత కింద ఉన్న వైశాల్యమే ఏయూసీ. దాని అర్థం మన తొమ్మిది మందిలోనే తేలుతుంది. ఒక రోగినీ ఒక ఆరోగ్యవంతుణ్నీ జత కడితే మొత్తం 20 జతలు వస్తాయి. 92, 81 స్కోర్లున్న రోగులు ఐదుగురు ఆరోగ్యవంతుల కంటే పైన ఉన్నారు. 64 వచ్చిన రోగి నలుగురి కంటే, 35 వచ్చిన రోగి ముగ్గురి కంటే పైన ఉన్నారు. మొత్తం 17 జతల్లో రోగికే ఎక్కువ స్కోరు వచ్చింది. 17ను 20తో భాగిస్తే 0.85. గీత కింద వైశాల్యం కొలిచినా ఇదే వస్తుంది. అంటే ఎవరో ఒక రోగినీ ఎవరో ఒక ఆరోగ్యవంతుణ్నీ ఎంచుకుంటే, రోగికే ఎక్కువ స్కోరు వచ్చే అవకాశం ఎంతో ఏయూసీ చెబుతుంది. వరసలో ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పే కొలత ఇది. ఆ వరసను ఎక్కడ కోయాలో మాత్రం చెప్పదు.

గూగుల్ మోడల్ విషయంలోనూ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పరిశోధకులు ఒకే గీత మీద రెండు కటాఫ్‌లు ఎంచుకున్నారు. మొదటిది కాస్త కఠినమైనది. దాని దగ్గర రోగుల్లో 90.3 శాతం దొరికారు, ఆరోగ్యవంతుల్లో 1.9 శాతం పొరపాటున పట్టుబడ్డారు. రెండోది ఉదారమైనది. దాని దగ్గర 97.5 శాతం రోగులు దొరికారు, పొరపాట్లు 6.6 శాతానికి పెరిగాయి. రెండింటికీ ఏయూసీ ఒకటే, 0.991.

ఈ శాతాలను ఒక శిబిరానికి వర్తింపజేసి చూద్దాం. షుగర్ ఉన్న వెయ్యి మంది వచ్చారు, వాళ్లలో 80 మందికి డాక్టరు చూడాల్సినంత జబ్బు ఉందనుకుందాం. కఠినమైన కటాఫ్‌తో సుమారు 72 మంది దొరుకుతారు, 8 మంది జారిపోతారు. అనవసరంగా వెళ్లేవాళ్లు దాదాపు 17 మంది. ఉదారమైన కటాఫ్‌తో 78 మంది దొరికి ఇద్దరే జారిపోతారు, కానీ అనవసరంగా వెళ్లేవాళ్లు దాదాపు 61 మంది అవుతారు. జారిపోయినవాళ్లు చూపు పోగొట్టుకోవచ్చు. అనవసరంగా వెళ్లినవాళ్లకు మరో పరీక్ష, ఒక రోజు కూలి పోతాయి. కాబట్టి తొలి వడపోతకు ఉదారమైన కటాఫే న్యాయం. డాక్టరు చాలా దూరంలో ఉండి, రోజుకు కొద్దిమందినే చూడగలిగితే ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇప్పుడు జబ్బు అరుదుగా ఉన్నచోటికి వెళ్దాం. వెయ్యి మందిలో పది మందికే జబ్బు ఉందనుకోండి. అవే శాతాలతో ఉదారమైన కటాఫ్ వాడితే ఆ పది మందీ దాదాపుగా దొరుకుతారు, వాళ్లతోపాటు ఆరోగ్యవంతులు 65 మంది కూడా వెళ్తారు. అంతకుముందు డాక్టరు దగ్గరికి వెళ్లిన వందమందిలో 56 మందికి నిజంగా జబ్బు ఉండేది. ఇక్కడ 13 మందికే ఉంటుంది. ఆర్‌ఓసీ గీత రోగులను, ఆరోగ్యవంతులను విడివిడిగా లెక్కిస్తుంది. అందుకే జనంలో జబ్బు ఎంతమందికి ఉందన్నది అందులో కనిపించదు. అరుదైన జబ్బుల విషయంలో మోసపోయేది ఇక్కడే.

గీతలోకి అసలు ఎక్కనివాళ్లూ ఉంటారు. ఇలాంటి వ్యవస్థనే థాయ్‌లాండ్ క్లినిక్‌లలో వాడినప్పుడు, తొలి నెలల్లో దాదాపు ఐదో వంతు ఫొటోలు స్పష్టంగా లేవని వెనక్కి వచ్చాయని 2020లో గూగుల్ పరిశోధకులే ప్రకటించారు. తగినంత చీకటి లేని గదిలో తీసిన ఫొటో స్పష్టంగా రాకపోతే మోడల్ దానికి స్కోరే ఇవ్వదు. స్కోరు లేకపోతే గీతపై దానికి చోటు ఉండదు. ఏయూసీ ఏమాత్రం తగ్గదు, కానీ ఆ రోగి మాత్రం మరో రోజు రావాలి.

ఏయూసీ పనికిమాలినదేమీ కాదు. రెండు మోడళ్లను ఒకే జనం మీద పోల్చి, ఏది రోగులను మెరుగ్గా వేరు చేస్తుందో చూడటానికి మంచి కొలత. ఇక్కడా గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయేమో చూడాలి. దాటితే మొత్తం వైశాల్యం కంటే, మనం నిజంగా వాడబోయే కటాఫ్ దగ్గర ఎవరి గీత పైన ఉందన్నదే ముఖ్యం.

ఈసారి ఎక్కడైనా ‘మా పరీక్ష ఏయూసీ 0.99’ అని చదివితే మూడు ప్రశ్నలు అడగండి. కటాఫ్ ఎక్కడ పెట్టారు? దాని దగ్గర ఎంతమంది రోగులు జారిపోతున్నారు, ఎంతమంది అనవసరంగా వెళ్తున్నారు? పరీక్షించిన జనంలో జబ్బు ఎంతమందికి ఉంది, మన దగ్గర ఎంతమందికి ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరకకపోతే ఆ అంకెను నమ్మి నిర్ణయం తీసుకోకండి.