ఫొటో అంచున అడ్డొచ్చిన వస్తువు: కోయాలా, కప్పాలా, కొత్తగా గీయించాలా?

ఫొటో అంచున పడిన అక్కర్లేని వస్తువును తీసేయడానికి మూడు దారులున్నాయి. ఆ అంచునే కోసేయడం క్రాపింగ్. ఫొటోలోనే మరోచోటి భాగాన్ని నకలు తీసి ఆ వస్తువు మీద పరచడం క్లోనింగ్. అక్కడ ఏముండొచ్చో సాఫ్ట్‌వేర్ చేత ఊహింపజేసి కొత్తగా గీయించడం జెనరేటివ్ ఫిల్; ఫొటోషాప్‌లో ఇది 2023లో వచ్చింది. వస్తువు ఫొటో నడుమ ఉంటే కోతకు వీలుండదు, అంచున ఉన్నప్పుడే ఆ వెసులుబాటు. కోశాక మిగిలేదంతా కెమెరా చూసిందే కాబట్టి ఆలోచన కోతతోనే మొదలుపెట్టడం మంచిది. ఎంతవరకు కోయగలమో తేలితే, మిగిలినదానికి ఏ పనిముట్టు కావాలో దానంతటదే తెలుస్తుంది.

ఒక పెళ్లి గ్రూప్ ఫొటోను తీసుకుందాం. ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. వెనక మడతల కర్టెన్, కింద ఎర్ర కార్పెట్. కుడి అంచున లైట్ స్టాండు పడింది. దాని కడ్డీ అంచుకు 150 పిక్సెళ్ల దూరంలోనే ఉన్నా, పైన గొడుగు కొస, కింద స్టాండు కాలు 420 పిక్సెళ్ల దాకా లోపలికి వచ్చాయి. కుడి చివర నిలబడిన పెద్దావిడ మోచేయి అంచుకు 600 పిక్సెళ్ల దూరంలో ఉంది. ఆమె చీర కుచ్చిళ్లు ఇంకాస్త ఇవతలికి పరుచుకుని, స్టాండు కాలి కొసను తాకుతున్నాయి.

స్టాండు మొత్తం పోవాలంటే 450 పిక్సెళ్లు కోయాలి. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మారకూడదంటే ఎత్తులోనూ 300 పోతాయి. మిగిలేది 5550 × 3700. 12 × 18 అంగుళాల ఆల్బమ్ షీటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 5400 × 3600 చాలు కనుక ప్రింటుకు ఇబ్బంది లేదు. ఇబ్బంది కూర్పులో వస్తుంది. మోచేతి పక్కన 150 పిక్సెళ్లే మిగిలి, ఎడమవైపు విశాలంగా ఖాళీ ఉంటే, జనమంతా కుడి గోడకు ఒరిగిపోయినట్టు కనిపిస్తారు. సరిచేద్దామని ఎడమవైపూ అంతే కోస్తే ఎత్తు 3400కు దిగుతుంది. అప్పుడు పైన తోరణమో కింద పాదాలో తెగుతాయి. మోచేయి, మణికట్టు, చీలమండ లాంటి కీళ్ల దగ్గర తెగిన ఫొటోలో ఆ అవయవమే విరిగినట్టుంటుంది. కోతకు హద్దు అక్కడే.

అందుకే ఇక్కడ సగం కోత మేలు. అంచు నుంచి 200 పిక్సెళ్లే తీస్తే కడ్డీ మొత్తం పోతుంది, ఎత్తులో పోయేది 133 మాత్రమే. కోసేటప్పుడు Delete Cropped Pixels అన్న గడిలో టిక్ తీసేస్తే కోసిన భాగం ఫైల్‌లోనే దాగి ఉంటుంది. మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక మిగిలినవి మూడు చిన్న ముక్కలు: కర్టెన్ మీద గొడుగు కొస, కార్పెట్ మీద స్టాండు కాలు, చీర అంచును తాకిన కాలి కొస.

కర్టెన్‌కు, కార్పెట్‌కు క్లోన్ స్టాంప్ సరిపోతుంది. పైన ఖాళీ లేయర్ ఒకటి వేసి, Sample దగ్గర Current & Below ఎంచుకుంటే అసలు ఫొటో చెదరదు. Alt నొక్కి నకలు తీయాల్సిన చోటు చూపించి, వస్తువు మీద బ్రష్‌తో రుద్దాలి. ఆ చోటును ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది. చాలా లెన్సులతో తీసిన ఫొటోల్లో అంచులు నడిమి కన్నా కాస్త నల్లబడతాయి. లోపలి నుంచి తెచ్చిన కర్టెన్ ముక్క అంచున అతికిస్తే తెల్లగా బయటపడేది అందుకే. అదే అంచు వెంబడి, గొడుగు కొసకు నేరుగా కింద అదే మడత మీద నుంచి తీసుకుంటే వెలుగూ కలుస్తుంది, మడతా తెగదు. మూలం ఫొటో అంచుకు మరీ దగ్గరైతే రుద్దుతుండగానే నకలు తీయడానికి ఏమీ మిగలదు. అప్పుడు మూలాన్ని లోపలికి జరుపుకోవాలి. హీలింగ్ బ్రష్ ఇక్కడ తరచూ మోసం చేస్తుంది. అది చుట్టూ ఉన్న రంగును కలుపుకుని సర్దుతుంది కాబట్టి, పక్కన నల్లటి స్టాండు ముక్క ఏ కొంచెం మిగిలినా ఆ నలుపును కర్టెన్ మీదికి పాకిస్తుంది. కార్పెట్ మీద స్టాండు నీడనూ మరవకూడదు. వస్తువు పోయి నీడ మిగిలితే, చూసేవాళ్లకు ఏదో లోటు తెలుస్తూనే ఉంటుంది.

చీర అంచు దగ్గర పని కష్టం. జరీలో అదే బుటా పక్కనే మళ్లీ వస్తూ, కుచ్చిలి అదే వైపు తిరిగి ఉంటే అక్కడి నుంచి నకలు తేవచ్చు. మడత వేరే వైపు తిరిగితే బుటా వంకర తప్పుతుంది. జెనరేటివ్ ఫిల్ అక్కడ అందమైన జరీనే గీస్తుంది, కానీ అది ఆవిడ కట్టుకున్న చీర జరీ కాదు. ఆ తేడా ఇంట్లోవాళ్లు పట్టేస్తారు. ఇలాంటి చోట కాలి కొసను కార్పెట్ వైపు నుంచి చెరిపి, చీరను తాకే నాలుగైదు పిక్సెళ్లను నీడలా ఉంచేయడమే మంచి పని. మనుషుల ముఖాలు, చేతులు, నగలు, బట్టలు, బోర్డుల మీది అక్షరాలు ఊహకు వదలకూడనివి.

ఇదే ఫొటోను తోటలో తీసి, వెనక క్రోటన్ మొక్కలు ఉంటే తీర్పు మారుతుంది. ఆకులను క్లోన్ చేస్తే అదే మచ్చ, అదే ఈనె రెండుసార్లు కనిపించి గుట్టు బయటపడుతుంది. అక్కడ ఆకు ఎలా ఉండేదన్నది ఎవరికీ ముఖ్యం కాదు కాబట్టి జెనరేటివ్ ఫిల్‌కు అది తగిన చోటు. వస్తువుతోపాటు నీడను కూడా, చుట్టూ కాస్త ఎడంతో, ఫొటో అంచు దాకా సెలెక్ట్ చేసి, మాటల పెట్టె ఖాళీగా వదిలి నడిపించాలి. సెలెక్షన్ బయట కుర్చీ కాలో నీడో మిగిలితే సాఫ్ట్‌వేర్ దాన్ని ఆధారంగా తీసుకుని మరో కుర్చీ గీస్తుంది. పెద్ద ఫొటోల్లో ఇంకో చిక్కుంది. తొలి మోడల్ ఒక్కసారికి 1024 × 1024 పిక్సెళ్లకు మించి గీయలేకపోయేది. సెలెక్షన్ అంతకన్నా పెద్దదైతే గీసినదాన్ని సాగదీసేది, ఆ భాగం మసకబారేది. తర్వాతి మోడళ్లు మెరుగైనా, పొడవాటి వస్తువును రెండు మూడు ముక్కలుగా తీయడం ఇప్పటికీ మేలే. తక్కువ వెలుగులో తీసిన ఫొటోకు సన్నటి రవ్వ ఉంటుంది, కొత్తగా గీసిన భాగం మాత్రం నున్నగా వస్తుంది. దాని మీద కొద్దిగా నాయిస్ కలిపితేనే రెండూ ఒకటవుతాయి.

ఏ దారిలో చేసినా పరీక్ష ఒకటే. ఫొటోను 100 శాతం సైజులో అంచు వెంబడి చూడాలి. తర్వాత పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచాలి. మామూలుగా కనిపించని అతుకులు, వెలుగు తేడాలు అప్పుడు గీతల్లా తేలతాయి. సరిదిద్దాక ఆ లేయర్ తీసేస్తే చాలు.

వార్తా చిత్రాలకు ఈ ఎంపికే లేదు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ నియమాలు అనవసర వివరాలను కోసేయడానికి ఒప్పుకుంటాయి. ఫ్రేములోంచి వస్తువులను, మనుషులను చెరపడానికి, కొత్తవి చేర్చడానికి ఒప్పుకోవు. అంచున ఉన్న మైకు కొస కోతలో పోతే సరే. పోకపోతే అది ఫొటోలో ఉండాల్సిందే.