నలభై లోపు అంగస్తంభన సమస్య: అంతా మనసు మీదికే నెట్టొద్దు

అపోహ: ముప్పైల్లో వస్తే అది టెన్షనే. ఒంట్లో లోపం ఉండేది యాభై దాటాకే.

వాస్తవం: చిన్న వయసులో ఆందోళన పాత్ర పెద్దదే. కానీ ఆ ఒక్క మాట చెప్పి పరీక్షలు లేకుండా పంపేస్తే, లోపలున్న షుగర్ జబ్బు బయటపడదు. 34 ఏళ్ల ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. రాత్రి షిఫ్టులు, పెరిగిన పొట్ట, సిగరెట్లు, తండ్రికి షుగర్. ఏడాదిగా స్తంభన మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. తెల్లవారుజామున నిద్రలో వచ్చేది కూడా తగ్గింది. డాక్టరు ముందుగా పట్టుకోవాల్సింది ఈ చివరి విషయాన్నే. మనసు వల్ల వచ్చే సమస్య చాలాసార్లు ఉన్నట్టుండి మొదలవుతుంది. నిద్రలోనూ ఒంటరిగా ఉన్నప్పుడూ స్తంభన మామూలుగానే ఉంటుంది. ఇతనికి పరగడుపున షుగర్ 126, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 దాటాయంటే అది మధుమేహమే.

అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు సుమారు 1-2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3-4. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటే ఇరుకైన చోటే ముందు తెలుస్తుంది. అందుకే ఇది గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందే అందే హెచ్చరిక కావచ్చు.

అరవైల్లో పరిస్థితి వేరు. ఏళ్ల తరబడి ఉన్న షుగర్, బీపీల వల్ల ధమనులు గట్టిపడి పూడుకుంటాయి, నరాలు మొద్దుబారతాయి. కొందరికి ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతింటాయి, కొన్ని బీపీ మాత్రలూ తోడవుతాయి. ఇలా కారణాలు ఒకదాని మీద ఒకటి చేరతాయి. 34 ఏళ్ల మనిషిలో నష్టం చాలాసార్లు తొలి దశలోనే ఉంటుంది కాబట్టి సిగరెట్ మానితే, బరువూ షుగరూ తగ్గితే తిరిగి కోలుకునే అవకాశం ఎక్కువ.

అపోహ: టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే మగతనం పెరుగుతుంది.

వాస్తవం: పెద్ద వయసులో ఈ హార్మోన్ నెమ్మదిగా తగ్గుతుంది. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లలో కొందరికి అది స్టెరాయిడ్ల వల్లే పడిపోతుంది. బయటి నుంచి హార్మోన్ అందుతుంటే మెదడు వృషణాలకు ఆదేశాలు ఆపేస్తుంది. ఇంజెక్షన్లు మానేసిన రోజు నుంచి శరీరం తనంతట తాను తయారుచేసుకోవడానికి నెలలు పట్టవచ్చు. సమస్య బయటపడేది అప్పుడే. పైగా వీర్యకణాల సంఖ్య కూడా పడిపోతుంది. పిల్లలు కావాలనుకునే వయసులో ఇది చాలా పెద్ద నష్టం.

అపోహ: హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడతాయి.

వాస్తవం: చచ్చుబడవు. ఈ భయం అమ్ముకుని బతికే లాడ్జి వైద్యుల దగ్గరికి వెళ్లొద్దు. నరాలూ ధమనులూ నిజంగా తెగే ముప్పు ఉండేది బైకు ప్రమాదంలో కటి ఎముక విరగడం లాంటి గాయాల్లో.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ చెప్పాలి. డిప్రెషన్‌కు వాడేవి, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్ కూడా కారణం కావచ్చు. టెస్టోస్టెరాన్ రక్తపరీక్ష ఉదయం పూటే చేయించాలి. అది తక్కువగా ఉంటే ప్రొలాక్టిన్ కూడా చూస్తారు. అది బాగా పెరిగి ఉంటే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉండవచ్చు; చాలామందికి అది ఆపరేషన్ లేకుండా మాత్రలతోనే తగ్గుతుంది.