మెచ్చుకోలు ఒక పేజీలో, దిద్దుబాటు మరో పేజీలో

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం మన విశ్వవిద్యాలయాల్లో పర్యవేక్షకుడితో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ ఇద్దరూ ఆమోదిస్తేనే మౌఖిక పరీక్ష. ఒకరు తిరస్కరిస్తే గ్రంథం మరో పరీక్షకుడికి వెళ్తుంది. అందుకే నివేదికలో ప్రతి వాక్యానికీ బరువుంటుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం జిల్లాలో 120 మంది రైతులను కలిసి, బిందు సేద్యం వల్ల ఆదాయం పెరిగిందని ఒక విద్యార్థిని తేల్చింది. రైతుల ఖర్చులను పంటవారీగా, ఇంటింటికీ తిరిగి రాసుకుంది. ఆ శ్రమను పరీక్షకుడు పేరుపెట్టి మెచ్చుకోవాలి. ‘మంచి కృషి’ అని ఊరుకుంటే గ్రంథం చదివాడన్న నమ్మకమే కలగదు.

చిక్కు ఐదో అధ్యాయంలో ఉంది. బిందు సేద్యం పెట్టుకున్నవాళ్లకు ముందునుంచే భూమి ఎక్కువ, బోర్లూ ఎక్కువ. మరి ఆదాయం దేనివల్ల పెరిగినట్టు? ‘విశ్లేషణ బలహీనంగా ఉంది’ అని రాస్తే ఆమెకు దారి దొరకదు. ‘సమాన విస్తీర్ణం, నీటి వసతి ఉన్న రైతులను పోల్చి పట్టిక మళ్లీ వేయండి, అందుకు తగినంతమంది లేకపోతే, ముగింపులో “వల్ల” అన్న మాట తీసేసి, రెండూ కలిసి కనిపించాయని రాయండి’ అనాలి.

ఇది తప్పనిసరి దిద్దుబాటు. పక్క జిల్లానూ చూస్తే బాగుండేదన్నది సలహా మాత్రమే. ఈ రెండింటినీ ఒకే జాబితాలో కలిపితే ఆమె నెలల తరబడి అవసరం లేని పనిలో పడుతుంది. నా దృష్టిలో పరీక్షకుడు చేయగల అన్యాయాల్లో అది పెద్దది.