పక్కింటి పిన్నిగారికి ఒక ఆటవెలది

ముప్పై ఏళ్లు పక్కింట్లో ఉన్న పెద్దావిడ రాజమండ్రి వదిలి పూణేలో కొడుకు దగ్గరికి వెళ్తుంటే చీరా పండ్లూ పెట్టి పంపడం మనకు అలవాటే. వాటితో పాటు చేత్తో రాసిన ఒక కాగితం కూడా ఇవ్వాలని నా కోరిక. అక్కడ దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, మనవళ్లకు తెలుగు చదవడం రాకపోవచ్చు. ఆ ఇంట్లో ఆమె మళ్లీ మళ్లీ చదువుకోగల తెలుగు రాత బహుశా ఇదొక్కటే అవుతుంది.

ముందు తేల్చుకోవలసింది విషయం. ‘మీరు మాకు తల్లిలాంటివారు’ అని రాస్తే ఏ వీధిలో ఎవరికైనా సరిపోతుంది. మా పిన్నిగారి విషయం వేరు. మా వీధిలో ఉద్యోగాలకు వెళ్లేవాళ్లంతా ఇంటి తాళంచెవులు ఆమెకే ఇచ్చేవాళ్లం. అవన్నీ వంటింటి గోడకున్న ఒకే మేకుకు వేలాడేవి. బడి నుంచి వచ్చిన పిల్లలు మేం వచ్చేదాకా ఆమె ఇంట్లోనే ఉండేవారు. ఒక పద్యానికి ఇది చాలు. రెండో సంగతి చేరిస్తే రెండూ పలచబడతాయి.

కొత్తగా రాసేవాళ్లకు ఆటవెలది అనువైనది. వేమన పద్యాలు ఎక్కువగా ఇందులోనే ఉండటంతో దాని నడక మన చెవికి ముందే తెలుసు, పైగా ప్రాస నియమం లేదు. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రకాలు: ‘మేకు’లా గురువు, లఘువు, లేదా ‘విడిచి’లా మూడు లఘువులు. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి.

చిక్కు మొదటి మాట దగ్గరే వస్తుంది. ‘తాళం’లో దీర్ఘం ఒక గురువు, సున్నా ఉన్న ‘ళం’ మరో గురువు. రెండు గురువులు సూర్యగణం కావు. కానీ తర్వాత ‘ఇచ్చి’ వస్తే సంధి జరిగి ‘తాళమిచ్చి’ అవుతుంది, ‘ళ’ లఘువుగా తేలుతుంది. ‘తాళ’, ‘మిచ్చి’ అని రెండు సూర్యగణాలు చేతికొస్తాయి. ‘తా’కు యతిగా ‘ధై’ చెల్లుతుంది కాబట్టి నాలుగో గణం ‘ధైర్యాన’ అయింది. అలా కూర్చగా వచ్చిన పద్యం ఇది:

తాళ మిచ్చి మీకు ధైర్యాన నుంటిమి
బడిని విడిచి వచ్చు పాప నెపుడు
మేము వచ్చు దాక మీయింట నుంచిరి
మేకు మిగిలె గోడ మీద నేడు

పాదం తప్పిందేమో తెలియాలంటే పైకి చదవాలి. గణం చెడిన చోట నాలుక ఆగిపోతుంది, లేదా ఒక అక్షరాన్ని సాగదీయాలనిపిస్తుంది. అక్కడ గురులఘువులు వేసి చూస్తే తప్పు దొరుకుతుంది. మాట మార్చినా కుదరకపోతే పద్యం మానేసి వచనంలో రాయడమే మంచిది. గణాల కోసం ఇరికించిన ‘ఘనముగాను’, ‘నిజముగాను’ వంటి మాటలు ఆమెకు ఏమీ చెప్పవు. వచనం ఇలా ఉంటే చాలు:

‘పిన్నిగారూ, పాప బడి నుంచి వచ్చేసరికి మీ తలుపు తీసి ఉండేది. అందుకే ఆఫీసులో నేను గడియారం చూసుకోలేదు. మా తాళంచెవి ఇంకెవరికి ఇవ్వాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.’

రాయకూడని మాటలూ ఉన్నాయి. ‘పిల్లల దగ్గరికి వెళ్తున్నారు, అదృష్టవంతులు’ అనకండి. ఆ ప్రయాణం ఆమె కోరుకున్నదో కాదో మనకు తెలియదు. వెళ్లి చూసి రాలేమని తెలిసీ తరచూ వస్తామని మాట ఇవ్వకండి.

ఇక చేతిరాత. తెలుగులో గుడి, కొమ్ము పైనా పక్కనా వస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. గీతల కాగితంపై వరసగా రాస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులతో కలిసిపోతాయి. కంట్లో శుక్లం ఉన్నవాళ్లకు అది అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. గీత విడిచి గీత, పెద్ద అక్షరాలతో, నల్ల బాల్‌పెన్నుతో రాయండి. జెల్ సిరా తడి తగిలితే పాకుతుంది. మెరిసే కాగితం, ప్లాస్టిక్ కవరు దీపం వెలుగును కళ్లలోకి కొడతాయి కాబట్టి అవి వద్దు.

సామాన్లు సర్దే రోజున ఇస్తే కాగితం ఏ అట్టపెట్టెలోకో పోతుంది. రెండు మూడు రోజుల ముందే సాయంత్రం వెళ్లి, పద్యం మీరే పైకి చదివి ఇవ్వండి. మందుల చీటీలున్న చేతిసంచిలో పెట్టుకోమని చెప్పండి. కాగితం వెనక వీధిలోని ఇళ్ల ఫోన్ నంబర్లు పెద్ద అంకెలతో, ఎదురుగా ఎవరి ఇల్లో రాసి ఉంచండి. సెల్‌ఫోను మారినా, పాత నంబర్లు పోయినా ఆమె మనకు ఫోన్ చేయగలగాలి.